ఇత్తడి చెంబులో ఐదు, గాజు గ్లాసులో ఎనిమిది

మా ఆయన నల్లసామికి ఒక అలవాటుంది. ఏదైనా నిర్ణయం తీసుకుంటే నాకు చెప్పడు. ఇంకెవరికో ఫోనులో చెప్తుంటే నేను విని తెలుసుకోవాలి. నా మల్లెతోట పీకించే సంగతి కూడా నాకు అలాగే తెలిసింది. మాసి నెల, అంటే ఫిబ్రవరి చివర, బుధవారం సాయంత్రం. నేను లోపల దోసెపిండి రుబ్బుతున్నాను. ఆయన వసారాలో కూర్చుని జేసీబీ నడిపే సత్యరాజ్‌తో మాట్లాడుతున్నాడు.

“ఆదివారం పది గంటలకు వచ్చేయ్ తంబీ. అర ఎకరా మల్లి. వేరుతో సహా లాగి పక్కన పోసేయాల. అంతే పని.”

గ్రైండర్ ఆపేసి పిండి చేతులతోనే బయటికి వచ్చాను.

“ఏంగ, ఎవురి తోట లాగేది?”

“మనదే. ఇంకెవురిది?”

“నన్ను అడగల్లేదే?”

“అడిగితే వద్దంటావు. అందుకే అడగల్లేదు.”

ఆ మాటలో అబద్ధమేమీ లేదు. అయినా నాకు ఒళ్ళు మండిపోయింది.

మా ఊరు తిరుమంగళానికి ఎనిమిది కిలోమీటర్లు. అంతా నల్లరేగడి. తాతముత్తాతల నాటి నుంచీ మా వాళ్ళు ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బయట తమిళం మాట్లాడుతూ, ఈ నేలలో పత్తీ జొన్నా వేసుకుంటూ వచ్చారు. పదేళ్ళ కిందట నేను మల్లె పెడదామన్నాను. నల్లనేలలో మల్లె ఏమిటని ఊరంతా నవ్వింది. మా ఆయన మూడు నెలలు నాతో సరిగా మాట్లాడలేదు. నేను పట్టు విడవకుండా, రామేశ్వరం దగ్గరున్న తంగచ్చిమడం వెళ్ళి, మొక్కలు తెచ్చి, నా చేతులతో గుంటలు తీసి నాటాను. మూడో ఏటికల్లా మదురై పూల సంతకు మా బుట్టలు పోవడం మొదలైంది. పెళ్ళై వచ్చిన ముప్పై ఏళ్ళలో ఈ ఇంట్లో నా మాట మీద జరిగిన పని ఏదైనా ఉంటే అది ఈ తోట ఒక్కటే. అందుకని దాన్ని పీకడమంటే చెట్లు పీకడం మాత్రమే కాదు నాకు.

తోట బాగాలేదన్నది నిజమే. కిందటేడు పాత బావి ఎండిపోయింది. ఆరువందల అడుగుల బోరు వేయించి ఆ నీళ్ళు పెడుతున్నాం. అప్పటి నుంచీ ఆకులు పసుపు తిరగసాగాయి. ఈనెలు మాత్రం పచ్చగా ఉండి, మధ్యలో ఆకంతా పాలిపోయింది. మొగ్గలు బియ్యపుగింజలంత కూడా లేవు. ఇనుము తక్కువైంది, ఇనుము ఉండే అన్నభేది ఉప్పు చల్లమని తిరుమంగళం ఎరువుల కొట్టు కోదండరామన్ అన్న చెప్పాడు. రెండుసార్లు చల్లాం. ఒక్క ఆకు కూడా మళ్ళీ పచ్చబడలేదు. దాంతో మా ఆయన తోట మీద ఆశ వదిలేసుకున్నాడు.

గురువారం పొద్దున్నే నాలుగు పసుపు ఆకులు కవరులో వేసుకుని బస్సెక్కాను. కోదండరామన్ అన్న వాళ్ళది మూడు తరాల కొట్టు. వాళ్ళూ తెలుగువాళ్ళే. మా మామగారు ఉన్నప్పటి నుంచీ ఎరువులన్నీ అక్కడే.

నన్ను చెల్లెలిలా తంగచ్చీ అని పిలిచే ఆయన, ఆకులు చూసి ముఖం చిట్లించాడు.

“అన్నభేది కలిపినప్పుడు నీల్లు ఏ రంగులో ఉండె, తంగచ్చీ?”

“కలిపినప్పుడు లేత పచ్చగా ఉండె అన్నా. చల్లేసరికి టీ నీల్లు మాదిరి అయిపోయె.”

ఆయన నెత్తి కొట్టుకున్నాడు. “అది తుప్పమ్మా! ఇనుమంతా డ్రమ్ములోనే తుప్పు పట్టిపోయినాది. ఆకుకు ఏం పోతాది? మీ బోరు నీల్లు చవుడుగా ఉండాయేమో. నీవు అది చూడకుండా కలిపినావు, నేనూ అడగకుండా ఇచ్చినాను. తప్పు నాదే.”

సొరుగులోంచి అగ్గిపెట్టెంత పుస్తకం ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. లోపల అంగుళమంత వెడల్పున్న పసుపురంగు కాగితపు చీలికలు. అట్ట వెనక ఒకటి నుంచి పద్నాలుగు వరకూ అంకెలు, ఒక్కో అంకె కింద ఒక్కో రంగు గడి. ఎర్రతో మొదలై నారింజ, పసుపు, పచ్చ, నీలం మీదుగా వంగపండు రంగు దాకా పోయింది.

“పీహెచ్ కాగితం ఇది. ఏడు నడిమి. దానికి కింద పోతే పులుపు, పైన పోతే చవుడు. ఒక కొన పట్టుకో, ఇంకో కొన నీల్లలో ఒక్క క్షణం ముంచి తీసేయ్, విదిలించు. అర నిమిషంలోపల, తడిగా ఉండంగనే, ఎండ వెలుతురులో ఈ గడుల పక్కన పెట్టి చూడు. ఏ గడితో కలిసిపోతే అదే లెక్క. నడిమిలో పడితే నడిమి అనుకో. సరిగ్గా ఇంతే అని చెప్పదు ఇది. సుమారుగా చెప్తాది. మనకు అది చాలు.”

“చవుడని తేలితే?”

“తేలితే దారి ఉండాది. నిమ్మ ఉప్పు వేసి నీల్లను కొంచెం పులుపుకు తెచ్చి, అప్పుడు అన్నభేది కలిపితే తుప్పు పట్టదు. ఆకు తాగుతాది. చవుడు కాదని తేలితే మాత్రం నాకూ తెలీదమ్మా, వేరే రోగమేదో ఉండాల.”

ఆ సాయంత్రమే మా ఆయన ముందు పుస్తకం పెట్టి అంతా చెప్పాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు. మొండివాడే గాని మాటకు కట్టుబడే మనిషి. అది నాకు తెలుసు, అందుకే అక్కడే పట్టుకున్నాను.

“సరి. ఎనిమిదో, దానికి పైనో చూపిస్తే ఒక నెల ఆగుతాను. నీవేమైనా చల్లుకో. లేదంటే ఆదివారం బండి వస్తాది. మల్లా నోరెత్తకూడదు.”

“ఎత్తను.”

“అమ్మా, నీవే సాక్షి,” అన్నాడు వాళ్ళమ్మతో.

మా అత్త లక్ష్మియమ్మాళ్‌కు ఎనభై దాటాయి. నాతో పోట్లాడని రోజు లేదు. కానీ తోట నాటిన ఏడు నా పక్కన కూర్చుని ప్రతి గుంటలో పేడ వేసింది ఆమె ఒక్కతే. ఆమె వెంటనే పెట్టెలోంచి ఇత్తడి చెంబు తీయించింది. విత్తనాలు నానేసినా, కొత్త చేనుకు మొదటి నీళ్ళు పెట్టినా మా ఇంట్లో ఆ చెంబుతోనే. ఏళ్ళుగా వాడక లోపలంతా నల్లబడింది.

శుక్రవారం పొద్దున నేను ప్లాస్టిక్ మగ్గు పట్టుకుని బోరు దగ్గరికి పోతుంటే ఆమె కేకేసింది.

“ఏమే! గంగమ్మకు పరీక్ష పెడతా మగ్గులోనా పట్టేది? ఇదో, చెంబు తోమి పెట్టినాను చూడు.”

చెంబు బంగారంలా మెరిసిపోతోంది. సంతోషంగా తీసుకుని, బోరు నీళ్ళు సగం దాకా పట్టి, ముంగిట్లో ఎండలో పెట్టాను. కాగితం ముంచాను, విదిలించాను, అట్ట పక్కన పెట్టాను. ముగ్గురం వంగి చూశాం.

నారింజ. కొంచెం పసుపు కలిసిన నారింజ. ఐదో అంకె గడితో అచ్చంగా కలిసిపోయింది.

“ఐదు,” అన్నాడు మా ఆయన. ఇంకోసారి ముంచాను. మళ్ళీ అదే. “ఐదే గదా? పులుపు. నీ చవుడు యాడ పోయె?”

నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన ఆ తడి కాగితాన్ని జాగ్రత్తగా చొక్కా జేబులో పెట్టుకుని, “సాక్షి ఉండనీ,” అని నవ్వుకుంటూ పోయాడు. నేను నీళ్ళు పారబోసి, చెంబును రుబ్బురోలు వెనక్కి విసిరికొట్టాను. అంచున సొట్ట పడింది. అత్త లబోదిబోమంది. నేను పట్టించుకోలేదు, పెరట్లోకి పోయి కూర్చుని ఏడ్చాను. దాచుకోవడమెందుకు, బాగా ఏడ్చాను.

శనివారం మా ఆయన మేలూరులో పెళ్ళికి పోయాడు. నాకు పోబుద్ధి కాలేదు. కోపం వస్తే నేను గిన్నెలు తోముతాను, మా ఇంట్లో అందరికీ తెలుసు. నీళ్ళు కాచే బిందె తీశాను. బోరు నీళ్ళు వచ్చినప్పటి నుంచీ దాని లోపల తెల్లటి పెచ్చు కడుతోంది, సున్నంలా గట్టిగా. కత్తితో గీకినా రాదు. గుప్పెడు చింతపండు వేసి మరిగిస్తేనే కరిగిపోతుంది. ఎప్పటిలాగే చింతపండు వేసి పొయ్యి మీద పెట్టాను. కాసేపటికి పెచ్చు బుడగలు కక్కుతూ కరగసాగింది.

చూస్తూ చూస్తూ ఉన్నదాన్ని లేచి నిలబడ్డాను. పులుపు తగిలితే ఈ పెచ్చు కరిగిపోతుంది. మరి మా బోరు నీళ్ళే పులుపైతే, ఈ పెచ్చు ఎలా కడుతుంది? పులుపు నీళ్ళు సున్నం కక్కవు. బట్టల సబ్బు నురగ కూడా రాని నీళ్ళు, ఐదెలా అవుతాయి?

చింతపండు అనుకోగానే ఇంకొకటి తట్టింది. ఒక్క ఉరుకున లోపలికి పోయాను.

“అత్తా! చెంబు దేంతో తోమినావు?”

“దేంతో తోముతారు? చింతపండుతోనే. లోపల నా చెయ్యి పోదు గదా. గురువారం రాత్రి చింతపండు పిసికి నింపి పెట్టినాను. తెల్లారి పారబోసి ఒక దఫా కడిగినాను. ఎట్ల మెరిసె, చూసినావు గదా!”

నేను గాజు గ్లాసు తీసి, మూడుసార్లు బోరు నీళ్ళతోనే కడిగి, నింపి, ఎండలో పెట్టి కాగితం ముంచాను. పసుపు కాగితం నా కళ్ళముందే పచ్చబడింది. ముదురు పచ్చ. ఎనిమిదో గడి కంటే ఒక పిసరు ముదురు, తొమ్మిది కంటే లేత. నేను అరిచిన అరుపుకు అత్త కర్ర తీసుకుని పరిగెత్తుకొచ్చింది, పామేమో అనుకుని.

మేలూరికి ఫోన్ చేశాను. మేళం మోతలో మా ఆయన అంతా విని, “నిన్న ఐదంటాది, ఈ పొద్దు ఎనిమిదంటాది. నీవు ఏం చెప్తే అదే చూపిస్తా ఉండాది నీ కాగితం,” అని పెట్టేశాడు. నాకూ పట్టుదల వచ్చేసింది. రుబ్బురోలు వెనక పడి ఉన్న చెంబును అలాగే, కడక్కుండా తీసి ఎత్తిపెట్టాను. మెడ దగ్గర వేలు పెట్టి చూస్తే చింతపండు గుజ్జు, పీచుతో సహా అతుక్కుని ఎండి ఉంది. బయటికి కనపడే చోటు కాదు అది. కోదండరామన్ అన్నకు ఫోన్ చేసి, నిమ్మ ఉప్పూ అన్నభేదీ తీసుకుని పొద్దున్నే రమ్మన్నాను.

ఆదివారం తొమ్మిదిన్నరకే సత్యరాజ్ బండి మా గట్టు దగ్గర నిలబడింది. శబ్దానికి పక్క చేల వాళ్ళు నలుగురైదుగురు వచ్చారు. మా ఆయన పెళ్ళి చొక్కాలోనే దిగాడు. కోదండరామన్ అన్న స్కూటరు ఆపి సంచీ దించాడు. నేను ముందే తోట గట్టు మీద ముక్కాలిపీట వేసి, దాని మీద తెల్ల గుడ్డ పరిచి, గాజు గ్లాసూ చెంబూ పెట్టి ఉంచాను.

“ఏందిది, పూజా?” అన్నాడు మా ఆయన.

“పరీక్ష. నీవు పెట్టిన పరీక్షే. నీ చేత్తోనే చెయ్యి. నేను తాకను.”

ఆయన అందరి ముఖాలూ చూశాడు. కాదనలేకపోయాడు. బోరు గొట్టం నుంచి ఒకే బిందెలోకి నీళ్ళు పట్టి, అందులోంచే గ్లాసుకూ సగం చెంబుకూ పోశాడు. నేను చెంబు కాస్త ఆడించమన్నాను, ఆడించాడు. రెండింట్లోనూ రెండు కాగితాలు ముంచి తెల్ల గుడ్డ మీద పక్కపక్కన పెట్టాడు. గ్లాసుది పచ్చ. చెంబుది పసుపు. అట్ట పెట్టి చూస్తే గ్లాసుది ఎనిమిది పైన, చెంబుది ఆరు.

“ఒకే బోరు, ఒకే బిందె,” అన్నాను. “రెండు లెక్కలు ఎట్ల వచ్చె?”

“అదే నేను చెప్తా ఉండేది! కాగితమే దొంగ.” మా ఆయన జేబులో చెయ్యి పెట్టి శుక్రవారం నాటి కాగితం తీశాడు. పెళ్ళికి కూడా జేబు మార్చి దాన్ని వెంట తీసుకుపోయాడు మహానుభావుడు. “ఇదో సాక్షి. మొన్న ఐదు...”

తీసి చూస్తే అది ఐదూ కాదు, ఏదీ కాదు. ఎండిపోయి, చెమట తగిలి, ఒక పక్క బురదరంగూ ఒక పక్క వెలిసిన పసుపూ. కోదండరామన్ అన్న నవ్వు ఆపుకోలేకపోయాడు.

“అన్నా, ఎండిన కాగితం సాక్ష్యం చెల్లదు. తడిగా ఉండంగ అర నిమిషం, అంతే దాని ఆయుసు. రెండు రోజులు జేబులో పెడితే నీ చెమట లెక్క చెప్తాది గాని నీల్ల లెక్క చెప్పదు.”

నలుగురూ నవ్వారు. నేను చెంబులోని నీళ్ళు తెల్ల గుడ్డ మీద వంచాను. నీళ్ళతో పాటు గోధుమరంగు గుజ్జూ, మూడు చింతపండు పీచులూ గుడ్డ మీద పడ్డాయి. అందరికీ ఒక్కసారే అర్థమైంది.

“శుక్రవారం పులుపు నీల్లది కాదుంగ, చెంబుది,” అన్నాను. “ఇప్పుడు నీవే దాన్ని ఇసుకేసి తోము. నాలుగు దఫాలు కడుగు. మల్లా ముంచు.”

మా ఆయన పెళ్ళి చొక్కాతో గట్టు మీద గొంతుక్కూర్చుని, కర్రకు గుడ్డ చుట్టి చెంబు మెడలోకి దూర్చి ఇసుకతో తోమాడు. ముప్పై ఏళ్ళలో ఆయన గిన్నె తోమడం చూసింది ఆ రోజే. ఆ దృశ్యాన్ని నేను తీరిగ్గా, కళ్ళారా చూశాను. కడిగి, కడిగి, అదే బిందెలోంచి నీళ్ళు పోసి కాగితం ముంచాడు. పసుపు కాగితం పచ్చబడింది. గ్లాసు కాగితానికీ దీనికీ తేడా లేదు.

“ఎంత?” అన్నాను.

ఆయన అట్టను కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు. దూరంగా పెట్టాడు. ఎండకు అడ్డం తిరిగి నీడలో చూడబోతే కోదండరామన్ అన్న భుజం పట్టి మళ్ళీ వెలుతురులోకి తిప్పాడు.

“ఎనిమిది,” అన్నాడు చివరికి. “పైనే ఉండాది.”

“గట్టిగా చెప్పు. సత్యరాజ్‌కు వినపడల్లేదు.”

“ఎనిమిది పైన!”

అత్త కర్ర నేలకేసి కొట్టి నవ్వింది. “నా చింతపండు నీ తోటకు ఉరి వేయబోయిందే గోమతీ! నేను మంచికే తోమితిని.” ఆమెకు నవ్వుతూనే కళ్ళనీళ్ళు వచ్చాయి. దగ్గరికి పోయి పట్టుకున్నాను. ఆమె మీద నాకు రవ్వంత కూడా కోపం లేదు. నా తోట కోసం మెరిసేలా తోమింది, అంతే కదా.

సత్యరాజ్ బండి దిగి వచ్చి, “మామా, ఎనిమిది వస్తే నెల ఆగుతానన్నావంట, నిజమేనా? అట్లయితే నేను పోతాను,” అన్నాడు. మా ఆయన తల ఊపాడు. బండి వెనక్కి తిరిగింది. దాని ఇనుప తొట్టి నా తోట వైపు నుంచి అవతలికి తిరుగుతుంటే నాకు గుండెల్లోంచి ఒక్కసారిగా సంతోషం పొంగింది. ఈల వేయడం వస్తే వేసేదాన్ని.

అసలు పని అప్పుడు మొదలైంది. ఎండ తగ్గాక పది లీటర్ల బకెట్టుతో బోరు నీళ్ళు పట్టాం. నిమ్మ ఉప్పు అర చెంచా వేసి కలిపి కాగితం ముంచాను. పచ్చ పోయి పసుపు పచ్చ వచ్చింది, ఆరూ ఏడూ మధ్య. నీళ్ళలో సన్నటి బుడగలు లేచాయి. ఇంకొంచెం వేశాను. పసుపు, ఆరు. ఇంకో చిటికెడు. పసుపులో నారింజ తొంగిచూసింది.

“ఆపు తంగచ్చీ,” అన్నాడు కోదండరామన్ అన్న. “ఐదుకూ ఆరుకూ నడిమిలో నిలిచినాది. ఇంకా వేస్తే ఆకు మాడతాది.”

అప్పుడు అన్నభేది యాభై గ్రాములు వేసి కలిపాను. లేత పచ్చ రంగు వచ్చింది. పక్కనే ఇంకో బకెట్టులో, నిమ్మ ఉప్పు లేని ఉత్త బోరు నీళ్ళలో అంతే అన్నభేది వేసి పెట్టాను, మా ఆయన చూడాలని. ఆయన రెండింటి మధ్యా పీట వేసుకుని కూర్చున్నాడు. గంటలోపే ఉత్త నీళ్ళు మసకబారి, టీ రంగుకు తిరిగి, అడుగున తుప్పు పేరుకోసాగింది. నా బకెట్టు మాత్రం లేత పచ్చగానే ఉంది, అడుగు కనపడేలా.

“రెండుసార్లు ఆ తుప్పునే చల్లినామా మనం?” అన్నాడు ఆయన మెల్లిగా.

“అవును.”

ఆయన లేచి మందు కొట్టే పంపు భుజాన వేసుకున్నాడు. చీకటి పడేలోగా తోటంతా ఆయనే చల్లాడు. నేను బకెట్టు బకెట్టుకూ కాగితం ముంచి, రంగు కుదిరాకే పంపులో పోయనిచ్చాను. నేను సరే అనేదాకా ఆయన పంపు మూత తీయలేదు.

వారం రోజులు ఆకుల్లో ఏ మార్పూ లేదు. ఎనిమిదో రోజు నాకు అన్నం దిగలేదు. పదో రోజు పొద్దున కొత్త చిగుళ్ళు తిప్పి చూశాను. ఆకు ఈనెల పక్క నుంచి పచ్చదనం లోపలికి పాకుతోంది. కొత్తగా వేసిన ఆకులైతే పూర్తిగా పచ్చగా, పుట్టడమే ఆరోగ్యంగా పుట్టాయి. ఆ రోజే రెండో దఫా చల్లాం. మా ఆయన రోజూ కాఫీ తాగకముందే తోటకు పోయి ఆకులు తిప్పి చూసి వస్తున్నాడని అత్త చెప్పింది.

నెల గడువు నాటికి, అంటే పంగుని నెల నడుమ, మొగ్గలు చిటికెన వేలి గోరంత లావుగా, కాడ పొడుగ్గా, తెల్లగా నిలబడ్డాయి. తెల్లారగట్ల లేచి నేనూ అత్తా ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ ఏరాం. మూడు బుట్టలు నిండాయి. కిందటేడు ఇదే నెలలో అర బుట్ట నిండడానికి నానా అవస్థ పడ్డాం. మదురైలో పూల కమిషన్ వ్యాపారి మాణిక్కం బుట్ట మీది గుడ్డ తీసి, గుప్పెడు మొగ్గలు అరచేతిలో పోసుకుని, “ఎవురి తోటమ్మా ఇది?” అని అడిగాడు.

“నాది,” అన్నాను. మాది అనలేదు.

తిరిగొచ్చేసరికి పదకొండయింది. బస్సు దిగగానే రోడ్డు పక్కనే మా ఆయన నిలబడి ఉన్నాడు. ఎన్నడూ ఎదురు రాని మనిషి. ఖాళీ బుట్టలు నా చేతిలోంచి తీసుకున్నాడు. ఇద్దరం గట్టు వెంబడి నడిచాం. తోట పక్కన ఖాళీగా పడి ఉన్న ఎకరం దగ్గర ఆగిపోయాడు. అది వాళ్ళ నాన్న నాటి నుంచీ పత్తి చేను. దాని మీద ఎవరి మాటా చెల్లనిచ్చేవాడు కాదు.

ఆయన గొంతు సవరించుకుని, నా వైపు చూడకుండా, అన్నాడు.

“గోమతీ. ఈ చెక్కలో ఏం పెడదాం? నేల చూసి నీవే చెప్పు.”

ముప్పై ఏళ్ళు. ఈ ముప్పై ఏళ్ళలో ఏం పెడదామని ఆయన నన్ను అడగడం అదే మొదటిసారి. అయినా వెంటనే జవాబు చెప్పలేదు. ఎండలో, ఖాళీ బుట్టలు పట్టుకుని, కాసేపు నిలబడనీ అని అలాగే నిలబెట్టాను. ఆయన నిలబడ్డాడు. నేను నోరు తెరిచేదాకా నిలబడ్డాడు.